ట్రిస్ బఫర్ డైరీ: బల్ల మీద 8.00, కోల్డ్ రూమ్‌లో 8.58

కోల్డ్ రూమ్‌లో నడిపే డీఈఏఈ కాలమ్ కోసం పీహెచ్ 8.0 ఉన్న 50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్ ఒక లీటరు కావలసి వచ్చింది. ఒక పూటలో ముగియవలసిన పని ఆరు రోజులు పట్టింది. ఎక్కడ ఏ కొలత వచ్చిందో, ఏ పొరపాటు వల్ల బఫర్ పాడైందో, మా ల్యాబ్ పర్యవేక్షకురాలు ఇచ్చిన జవాబు చదివాక పద్ధతిలో ఏమేమి మార్చానో ఇక్కడ వరుసగా రాసి పెడుతున్నాను.

మొదటి దశ: తయారీ

1. ట్రిస్ బేస్ 6.06 గ్రాములు తూచి, సుమారు 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాను.
2. బీకరును మాగ్నెటిక్ స్టిర్రర్ మీద ఉంచి, ఉష్ణోగ్రత 25 డిగ్రీల వద్ద నిలకడగా ఉందని థర్మామీటరుతో చూసుకున్నాను.
3. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బ్యూరెట్ నుంచి చుక్కలుగా వదిలాను. 26.8 మి.లీ. పడేసరికి మీటరు 8.00 చూపింది.
4. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులోకి మార్చి ఒక లీటరుకు నింపాను. మళ్లీ చూస్తే 8.00 దగ్గరే ఉంది.

ఇప్పటి వరకు లెక్క: ఆమ్లం 26.8 మి.లీ., క్షారం సున్నా, ఘనపరిమాణం 1000 మి.లీ.

రెండవ దశ: దిద్దుబాట్ల మీద దిద్దుబాట్లు

సీసాను రాత్రంతా కోల్డ్ రూమ్‌లో ఉంచాను. గది తలుపు మీది డిస్‌ప్లే 4 డిగ్రీలు చూపుతున్నా, సీసాలో ముంచిన థర్మామీటరు 5 డిగ్రీలు చూపింది. మీటరును లోపలికి తీసుకువెళ్లి కొలిస్తే 8.58 వచ్చింది. ఎలక్ట్రోడ్‌ను కడిగి, తుడిచి, మళ్లీ ముంచినా అంతే. కాలమ్‌కు 8.0 కావాలి కాబట్టి, కారణం ఆలోచించకుండా అక్కడికక్కడే ఆమ్లం కలిపాను. 13.9 మి.లీ. కలిపాక 8.00కు దిగింది.

ఇప్పటి వరకు లెక్క: ఆమ్లం 40.7 మి.లీ., క్షారం సున్నా, ఘనపరిమాణం 1013.9 మి.లీ.

అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ సరిచూసుకోవాలన్న పట్టుదలతో సీసాను మళ్లీ బల్ల మీదికి తెచ్చాను. రెండు గంటల తరువాత, ద్రావణం 25 డిగ్రీలకు చేరాక, మీటరు 7.42 చూపింది. కోల్డ్ రూమ్‌లో చలికి మీటరు తప్పు చూపిందని, దానిని నమ్మి అనవసరంగా ఆమ్లం పోశానని తీర్మానించుకుని, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 14.0 మి.లీ. కలిపి 8.00కు తెచ్చాను. మరునాడు ఉదయం కోల్డ్ రూమ్‌లో మళ్లీ అదే 8.58 ఎదురైంది.

ఇప్పటి వరకు లెక్క: ఆమ్లం 40.7 మి.లీ., క్షారం 14.0 మి.లీ., ఘనపరిమాణం సుమారు 1028 మి.లీ.

ఇక్కడ ఆగి లెక్క వేసుకున్నాను. కలిపిన 14 మిల్లీమోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ అంతే మొత్తంలో ఆమ్లాన్ని తటస్థం చేసి సోడియం క్లోరైడ్‌గా మిగిలింది. అంటే బఫర్‌లో నేను అడగని ఉప్పు 13.6 మిల్లీమోలార్ చేరింది. ట్రిస్ 50 నుంచి 48.6 మిల్లీమోలార్‌కు పలచబడింది. ఉప్పు గాఢతను క్రమంగా పెంచుతూ ప్రోటీన్లను విడదీసే కాలమ్‌కు, మొదలుపెట్టకముందే ఇంత ఉప్పు ఉన్న బఫర్ పనికిరాదు. ఆ లీటరు సింకులోకి పోయింది.

మూడవ దశ: మీటరు మీద అనుమానం

కొత్త బఫర్ చేసే ముందు మీటరు సంగతి తేల్చుకోవాలనుకున్నాను. తాజా ప్రమాణ ద్రావణాలతో గది ఉష్ణోగ్రత వద్ద కాలిబ్రేట్ చేశాను. ఈసారి ట్రిస్ 100 మి.లీ. మాత్రమే చేసి, 25 డిగ్రీల వద్ద 8.00కు తెచ్చి, రెండు పరీక్షలు పెట్టాను.

మొదటిది ఉష్ణోగ్రత సవరణ గురించినది. మీటరులో `ATC` ఆన్‌లో ఉన్నప్పుడు 5 డిగ్రీల వద్ద 8.58 వచ్చింది. దాన్ని ఆపి, ఉష్ణోగ్రతను 25గా చేత్తో నమోదు చేస్తే 8.47 వచ్చింది. సవరణ లేనప్పుడు వచ్చే సంఖ్యే 8.00కు కాస్త దగ్గరగా ఉంది కాబట్టి, సవరణే గోల చేస్తోందని అనుకున్నాను.

రెండవది పోలిక కోసం పెట్టినది. 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్‌ను 25 డిగ్రీల వద్ద 7.00కు తెచ్చి, ట్రిస్ పక్కనే కోల్డ్ రూమ్‌లో ఉంచాను. అదే ఎలక్ట్రోడ్, అదే మీటరు, అదే గంట. ఫాస్ఫేట్ 7.06 చూపింది.

ఈ రెండు ఫలితాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. మీటరు చెడిపోతే ఫాస్ఫేట్‌ను ఎందుకు వదిలిపెట్టింది? కొలతలన్నీ ఒక పట్టికగా రాసి, పై రెండు దశల కథ కూడా దాచకుండా చెప్పి, పర్యవేక్షకురాలికి పంపాను. ఆమె జవాబును దాదాపు యథాతథంగా కింద ఇస్తున్నాను.

నాలుగవ దశ: పర్యవేక్షకురాలి జవాబు

«మీ పట్టికలో తప్పు కొలత ఒక్కటే ఉంది. అది 8.47. మిగిలినవన్నీ నిజమే. 25 డిగ్రీల వద్ద ఆ ద్రావణం పీహెచ్ నిజంగా 8.00, 5 డిగ్రీల వద్ద నిజంగా 8.58. మీటరు మారలేదు, ద్రావణమే మారింది.

ముందు మీటరు సంగతి చెబుతాను. ఎలక్ట్రోడ్ ఇచ్చేది మిల్లీవోల్టులే. ఒక పీహెచ్ యూనిట్‌కు 25 డిగ్రీల వద్ద 59.16 మిల్లీవోల్టులు, 5 డిగ్రీల వద్ద 55.19 మిల్లీవోల్టులు వస్తాయి. `ATC` చేసేదల్లా ఏ ఉష్ణోగ్రతకు ఏ వాలుతో భాగించాలో ఎంచుకోవడమే. మీ ద్రావణం ఎలక్ట్రోడ్ సున్నా మిల్లీవోల్టులు ఇచ్చే 7కు 1.58 యూనిట్లు పైన ఉంది. 1.58ని 55.19తో గుణిస్తే 87.2 మిల్లీవోల్టులు, దాన్ని పొరపాటున 59.16తో భాగిస్తే 1.47 వస్తుంది, 7కు కలిపితే 8.47. మీకు వచ్చింది సరిగ్గా అదే. అంటే సవరణ తీసేసినప్పుడు మీటరు అసలు మార్పులో కొంత భాగాన్ని మింగేసింది. మీకు నచ్చిన సంఖ్యకు దగ్గరగా రావడం యాదృచ్ఛికం. ఇంకో విషయం: ఈ సవరణ మీ నమూనా 25 డిగ్రీల వద్ద ఉంటే ఎంత పీహెచ్ ఉండేదో చెప్పదు. ఏ బఫర్ ఎంత కదులుతుందో మీటరుకు తెలిసే అవకాశమే లేదు. మన ల్యాబ్‌కు వచ్చే ప్రతి బ్యాచ్‌లో కనీసం ఒకరైనా ఈ రెండింటినీ కలిపేసుకుంటారు.

ఇక ట్రిస్ ఎందుకు కదులుతుంది? ప్రోటాన్ పట్టుకుని ఉన్న ట్రిస్ ఆ ప్రోటాన్‌ను వదలాలంటే మోల్‌కు సుమారు 47.5 కిలోజౌల్‌ల వేడి పీల్చుకుంటుంది. వేడిని పీల్చుకునే చర్య వేడిలో ముందుకు, చలిలో వెనుకకు మొగ్గుతుంది. చలిలో ట్రిస్ తన ప్రోటాన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది, అంటే దాని పీకేఏ పెరుగుతుంది. ఫాస్ఫేట్ విషయంలో, మీరు వాడిన పీహెచ్ దగ్గర జరిగే వియోజనానికి పట్టే వేడి మోల్‌కు 3.6 కిలోజౌల్‌లే. అందుకే అది 0.06 కదిలి ఊరుకుంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థం చేసుకోండి. అప్పుడు ఇతర బఫర్లను చూసినా మీరే ఊహించగలరు. ఒక ధనావేశం ఉన్న ట్రిస్ విడిపోతే ఒక ధనావేశం ఉన్న ప్రోటాన్, ఆవేశం లేని ట్రిస్ మిగులుతాయి. చర్యకు ముందు ఒక అయాన్, తరువాత కూడా ఒకటే. చుట్టూ ఉన్న నీటి అణువుల అమరికలో పెద్ద మార్పు ఉండదు, ఎంట్రోపీ మార్పు దాదాపు సున్నా. ప్రోటాన్‌ను విడదీయడానికి కావలసిన స్వేచ్ఛాశక్తి 46 కిలోజౌల్‌లు, వేడి 47.5, రెండూ దాదాపు ఒకటే కదా. ఫాస్ఫేట్‌లో అలా కాదు. ఒక ఋణావేశం ఉన్న అయాన్ విడిపోయి, రెండు ఋణావేశాలు ఉన్న అయాన్, ఒక ప్రోటాన్ పుడతాయి. పెరిగిన ఆవేశాలు చుట్టుపక్కల నీటిని కట్టిపడేస్తాయి. అక్కడ 41 కిలోజౌల్‌ల స్వేచ్ఛాశక్తిలో వేడి వాటా 3.6 మాత్రమే, మిగిలినదంతా ఎంట్రోపీది.

ట్రిస్‌లో ఎంట్రోపీ దాదాపు లేదు కాబట్టి ఒక చక్కని అడ్డదారి దొరుకుతుంది. పీకేఏ కెల్విన్ ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుందని అనుకుని లెక్క వేయవచ్చు.

```
25 °C: pKa = 8.07
 5 °C: 8.07 × 298.15 / 278.15 = 8.65
37 °C: 8.07 × 298.15 / 310.15 = 7.76
```

8.65 నుంచి 8.07 తీసేస్తే 0.58. మీ కోల్డ్ రూమ్ కొలత ఈ ఒక్క భాగహారంలోనే ఉంది. డిగ్రీకి సగటున 0.028 అని గుర్తుపెట్టుకుంటే రోజువారీ పనికి చాలు. చల్లని వైపు కొంచెం ఎక్కువ, 37 వైపు కొంచెం తక్కువ.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. చలిలో ట్రిస్ ప్రోటాన్లను పట్టుకుంటుంది అనగానే, సీసాలోని ట్రిస్‌లో పెద్ద భాగం ఒక రూపం నుంచి మరో రూపానికి మారిందని ఊహించుకుంటారు. అలా జరగదు. పీహెచ్ 8.00 వద్ద స్వేచ్ఛగా ఉన్న ప్రోటాన్లు 10 నానోమోలార్, 8.58 వద్ద 2.6 నానోమోలార్. ఆ స్వల్పమైన తేడా ఎదుట మీ బఫర్‌లో 27 మిల్లీమోలార్ ఆమ్ల రూపం, 23 మిల్లీమోలార్ క్షార రూపం ఉన్నాయి. హైడ్రాక్సైడ్‌ను కూడా లెక్కలోకి తీసుకున్నా ఆ నిష్పత్తి పదివేలలో ఒక వంతు కూడా కదలదు. నిష్పత్తి కదలకుండా పీకేఏ మాత్రమే కదిలింది, పీహెచ్ దాని వెంట నడిచింది. అందుకే సీసా బల్ల మీదికి రాగానే ఏమీ కలపకుండానే 8.00కు తిరిగి వస్తుంది. సీసాలో నిష్పత్తిని నిజంగా మార్చేది మీరు పోసే ఆమ్లం, క్షారం మాత్రమే.

ఇప్పుడు మీ రెండవ దశను మళ్లీ చదవండి. బల్ల మీద 7.42 చూసి మీరు కంగారుపడ్డారు. 7.42కు 0.58 కలపండి. ఆ క్షణంలో మీ సీసాలో ఉన్నది కోల్డ్ రూమ్‌కు సరిగ్గా కావలసిన బఫర్. మీరు దాన్ని పాడుచేసింది ఆ తరువాతే.

చివరగా, ట్రిస్ స్టాక్ ఎలా చేశారో కూడా రాయండి. అక్కడ కూడా ఇదే తప్పు దాగి ఉంటుందని నా అనుమానం.»

ఐదవ దశ: స్టాక్ సీసాలో దొరికిన 0.27

ఆమె అనుమానం నిజమైంది. మా అల్మారాలో నేను నెల క్రితం చేసిన 1 మోలార్ ట్రిస్, పీహెచ్ 8.0 అన్న చీటీతో ఉంది. 25 డిగ్రీల వద్ద కొలిస్తే 8.27 వచ్చింది.

అప్పటి పుస్తకం తీసి చూశాను. 121.1 గ్రాముల ట్రిస్‌ను సుమారు 800 మి.లీ. నీటిలో కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతూ పోయి, మీటరు 8.00 చూపగానే ఆపినట్టు రాసి ఉంది. ఉష్ణోగ్రత రాయలేదు. దాంతో అదే పనిని మళ్లీ చేసి చూశాను. ట్రిస్ కరిగేటప్పుడు బీకరు చల్లబడుతుంది, అందుకని ముందు గది వేడికి రానిచ్చాను. అది 27 డిగ్రీలు. ఆమ్లం పోసేకొద్దీ బీకరు అరచేతికి వెచ్చగా తగలసాగింది. ప్రోటాన్ వదిలేటప్పుడు పీల్చుకునే 47.5 కిలోజౌల్‌లనే ప్రోటాన్ పట్టుకునేటప్పుడు ట్రిస్ తిరిగి ఇచ్చేస్తుంది, గాఢ ఆమ్లం పలచబడే వేడి దానికి తోడవుతుంది. 8.00 వచ్చేసరికి థర్మామీటరు 35 చూపింది. అక్కడి నుంచి 25కు దిగేటప్పుడు పది డిగ్రీల వాటా పైకి ఎగబాకడం సహజమే.

చేసిన మార్పులు ఇవి:

1. గాఢ ఆమ్లం కలిపి 8.5 దాకా మాత్రమే దించి, బీకరును మూతపెట్టి చల్లబడనివ్వడం.
2. 25 డిగ్రీలకు వచ్చాక మిగిలిన ఆమ్లాన్ని కొద్ది కొద్దిగా, థర్మామీటరు చూస్తూ కలపడం.
3. లీటరుకు నింపే పని చివర చేయడం.

పాత సీసాను పారవేయలేదు. ఇంకొంచెం ఆమ్లం కలిపి 25 డిగ్రీల వద్ద 8.00కు తెచ్చాను. ఇక్కడ క్షారం పోయలేదు కాబట్టి అదనపు ఉప్పు చేరలేదు.

ఆరవ దశ: రెండవ తయారీ, ఇంకొక తప్పు

ఈసారి బల్ల మీదే 25 డిగ్రీల వద్ద 7.42 లక్ష్యంగా పెట్టుకున్నాను. ట్రిస్ 6.06 గ్రాములు, 1 నార్మల్ ఆమ్లం 40.6 మి.లీ., ఆపై లీటరుకు నీరు.

ఇప్పటి వరకు లెక్క: ఆమ్లం 40.6 మి.లీ., క్షారం సున్నా, ఘనపరిమాణం 1000 మి.లీ.

మరునాడు కోల్డ్ రూమ్‌లో కొలిచే ముందు, కాలిబ్రేషన్ కూడా అక్కడే చేస్తే ఇంకా పద్ధతిగా ఉంటుందనిపించి, ప్రమాణ ద్రావణాలను కూడా రాత్రంతా అక్కడే ఉంచాను. ఆలోచన మంచిదే. కానీ మీటరు అడిగినప్పుడు సీసా మీద పెద్ద అక్షరాలతో ఉన్న 6.86, 9.18 అనే విలువలనే చేత్తో నమోదు చేశాను. కొలిస్తే బఫర్ 7.86 చూపింది. చేయి మళ్లీ క్షారం సీసా వైపు వెళ్లింది.

ఈసారి మాత్రం ముందు మీటరు తెరను చూశాను. ఎలక్ట్రోడ్ వాలు 104 శాతం అని ఉంది. నిన్న బల్ల మీద అది 99. రాత్రికి రాత్రి ఎలక్ట్రోడ్ ఇంత మెరుగైపోదు కదా. అప్పుడు ప్రమాణ ద్రావణాల సీసాలను తిప్పి, వెనుక చిన్న అక్షరాల పట్టిక చదివాను. ఫాస్ఫేట్ ప్రమాణం 25 డిగ్రీల వద్ద 6.86 అయితే 5 డిగ్రీల వద్ద 6.95, బోరాక్స్ ప్రమాణం 9.18 నుంచి 9.39కు చేరుతుంది. ప్రమాణ ద్రావణాలు కూడా బఫర్లే, వాటికీ ఈ నియమం వర్తిస్తుంది. మీటరుకు నేను 2.44 యూనిట్ల దూరాన్ని 2.32గా చెప్పాను, 99 కాస్తా 104 శాతం అయింది అందుకే. సరైన విలువలు నమోదు చేసి తిరిగి కొలిస్తే 8.01 వచ్చింది.

దీన్ని పర్యవేక్షకురాలికి చూపిస్తే, ఆమె ఒక పరిమితి గురించి హెచ్చరించారు. పీహెచ్ సరిగానే ఉన్నా, 5 డిగ్రీల వద్ద ఈ బఫర్ పీకేఏ 8.65కు చాలా కింద నిలబడి ఉంది. ట్రిస్‌లో అయిదింట నాలుగు వంతులు ఇప్పటికే ఆమ్ల రూపంలో ఉన్నాయి. ఆమ్లం వచ్చి పడితే తట్టుకునే క్షార రూపం 25 డిగ్రీల నాటి 23 మిల్లీమోలార్‌కు బదులు 9 మాత్రమే మిగిలింది. ఆమ్లంలో నిల్వ ఉన్న నమూనాను ఇందులో నేరుగా పలచన చేయవద్దని, తప్పనిసరి అయితే ట్రిస్‌ను 100 మిల్లీమోలార్‌కు పెంచి, దాని వల్ల కాలమ్‌లో పెరిగే అయాన్ల లెక్కను కూడా చూసుకోమని ఆమె చెప్పారు. నా నమూనా ట్రిస్‌లోనే డయాలిసిస్ అయి ఉంది కాబట్టి 50 దగ్గరే ఉంచేశాను.

మరి ఇతరుల పేపర్లలో కోల్డ్ రూమ్ పనికి పీహెచ్ 8.0 ట్రిస్ అని మాత్రమే రాసి ఉంటే ఏం చేయాలి? నేను ఇదే అడిగాను. ఉష్ణోగ్రత చెప్పకపోతే, ఎక్కువ మంది గది ఉష్ణోగ్రత వద్ద సరిచేసి, ఆ తరువాత చలిలో వాడి ఉంటారని ఆమె అభిప్రాయం. అలాంటి చోట వారి ఫలితం రాబట్టాలంటే బల్ల మీద 8.00 అయిన బఫర్‌నే వాడాలి, అది చలిలో 8.6 అయినా సరే. పీసీఆర్ బఫర్ల వంటకాలలో పీహెచ్ 8.3 పక్కన 25 డిగ్రీల వద్ద అని రాయడం ఇందుకే; అదే ద్రావణం 72 డిగ్రీలకు చేరేసరికి సుమారు 7.2కు దిగుతుంది, ఎంజైమ్ అక్కడే పనిచేస్తుంది. నా కాలమ్ విషయంలో, ప్రోటీన్ డీఈఏఈకి ఎంత గట్టిగా అంటుకోవాలో నేను 8.0 ఆధారంగా లెక్క వేసుకున్నాను. 8.6 దగ్గర నాకు అక్కరలేని ప్రోటీన్లు కూడా ఋణావేశం పెంచుకుని కాలమ్‌ను పట్టుకుంటాయి. అందుకని నాకు కావలసింది చలిలో 8.00.

ఇప్పుడు కాలమ్ సీసా మీద అతికించిన చీటీ ఇలా ఉంది:

```
Tris-HCl 50 mM
pH 7.42 @ 25 °C
pH 8.01 @ 5 °C (measured)
```

కాలమ్‌లోకి బఫర్ పంపుతూ, కింది నుంచి వచ్చే ద్రవాన్ని కోల్డ్ రూమ్‌లోనే, 5 డిగ్రీల విలువలతో కాలిబ్రేట్ చేసిన మీటరుతో కొలుస్తూ వచ్చాను. మొదట పాత బఫర్ తాలూకు 8.5 కనిపించి, మెల్లగా దిగి, 8.02 దగ్గర వరుసగా మూడు కొలతల పాటు నిలిచాక నమూనా ఎక్కించాను.

మొత్తం లెక్క: వాడిన ట్రిస్ రెండు లీటర్ల తయారీలకు 12.12 గ్రాములు, పరీక్షకు చేసిన 100 మి.లీ.కు 0.61 గ్రాములు, పారబోసిన బఫర్ 1028 మి.లీ.; పట్టిన రోజులు ఆరు.